102, 222, 472, 103: ఎన్వలప్ డిటెక్టర్‌లో ఏ కెపాసిటర్ పెట్టాలి?

రాయగడలో నేను చూసుకునే ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో సగం మంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. రికార్డు ఇంగ్లీషులో రాస్తారు, పక్కవాడితో ఒడియాలో మాట్లాడతారు, సందేహం వస్తే మాత్రం నన్ను తెలుగులోనే అడుగుతారు. మొన్న పార్వతీపురం నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చే ఒక అమ్మాయి బ్రెడ్‌బోర్డు మీద ఏఎం డిటెక్టర్ కట్టింది. ఒక డయోడ్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్. పక్కన నాలుగు కెపాసిటర్లు పెట్టుకుని కూర్చుంది. వాటి మీద 102, 222, 472, 103 అని ఉన్నాయి. అంటే 1, 2.2, 4.7, 10 నానోఫారడ్‌లు.

"సార్, ఆర్‌సీ విలువ క్యారియర్ పీరియడ్ కన్నా చాలా ఎక్కువ ఉండాలి, ఆడియో పీరియడ్ కన్నా చాలా తక్కువ ఉండాలి అని పుస్తకంలో ఉంది. మధ్యలో ఎంతైనా పెట్టొచ్చా?" అని అడిగింది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మన క్యారియర్ 455 కిలోహెర్ట్జ్, అంటే రేడియోలో ఐఎఫ్. దాని పీరియడ్ 2.2 మైక్రోసెకన్లు. ఆడియో 5 కిలోహెర్ట్జ్ దాకా అనుకుంటే దాని పీరియడ్ 200 మైక్రోసెకన్లు. 10 కిలోఓమ్‌లతో ఆ నాలుగు కెపాసిటర్లు ఇచ్చే ఆర్‌సీ 10, 22, 47, 100 మైక్రోసెకన్లు. నాలుగూ 2.2కీ 200కీ మధ్యలోనే ఉన్నాయి. పుస్తకం మాట ప్రకారం దేన్నీ తప్పు పట్టలేం. స్కోప్ మీద చూస్తే నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి.

ఆ అమ్మాయి ముందు 103 పెట్టింది. గీత సన్నగా, నున్నగా వచ్చిందని సంతోషపడింది. ఆడియో 400 హెర్ట్జ్‌లో ఉన్నంతసేపూ నిజంగానే బాగుంది. జనరేటర్ నాబ్‌ను 3 కిలోహెర్ట్జ్ దాకా తిప్పమన్నాను. సైన్ వేవ్ ఎక్కేటప్పుడు గుండ్రంగానే ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం కొండ దిగువన రోడ్డు వేసినట్టు ఏటవాలుగా ఒకే గీత. ఆ గీత కిందిదాకా వెళ్లకుండానే, మళ్లీ ఎక్కుతున్న ఎన్వలప్‌ను మధ్యలో కలుసుకుంది. దీన్నే డయాగనల్ క్లిప్పింగ్ అంటాం.

ఇది ఎందుకు వస్తుందో ఒక్కసారి మనసులో పడితే ఎంపిక సగం తేలిపోతుంది. కెపాసిటర్‌ను నింపేది డయోడ్, ఖాళీ చేసేది రెసిస్టర్. నింపడం ఎప్పుడూ త్వరగానే అవుతుంది కాబట్టి ఎక్కే వైపు గొడవ లేదు. దిగే వైపు డయోడ్ చేసేదేమీ లేదు, అంతా రెసిస్టర్ చేతిలోనే ఉంది. అడుగున చిల్లున్న బిందె గుర్తు చేసుకోండి. నిండుగా ఉన్నప్పుడు నీళ్లు జోరుగా పోతాయి, అడుగంటే కొద్దీ ధార నీరసపడుతుంది. కెపాసిటర్ కూడా అంతే. దాని మీద వోల్టేజ్ తగ్గేకొద్దీ అది దిగే వేగమూ తగ్గుతుంది. ఎన్వలప్ కిందికి పోయే వేగం అంతకన్నా ఎక్కువైతే కెపాసిటర్ వెనకబడిపోతుంది.

అందుకే చిక్కు వచ్చే చోటు ఎన్వలప్ అన్నిటికన్నా నిటారుగా ఉన్న నడి భాగం కాదు. అక్కడ కెపాసిటర్‌లో ఇంకా వోల్టేజ్ ఉంది కాబట్టి దిగగలదు. పూర్తిగా అడుగు కూడా కాదు, అక్కడ ఎన్వలప్ దాదాపు చదునుగా ఉంటుంది. ఆ రెంటికీ మధ్య, దిగువకు దగ్గరగా ఉన్న చోట ఎన్వలప్ ఇంకా జోరుగా దిగుతూ ఉంటుంది, కెపాసిటర్‌కు మాత్రం జోరు తగ్గిపోయి ఉంటుంది. లెక్క చేస్తే ఆ చోటు మాడ్యులేషన్ లోతును బట్టి మారుతుంది. లోతు 0.8 అయితే, శిఖరం నుంచి 143 డిగ్రీల దగ్గర. అక్కడ ఎన్వలప్ ఎత్తు సగటు క్యారియర్‌లో 36 శాతమే. ఆ చోట కెపాసిటర్ వెనకబడకూడదంటే కావలసిన షరతు ఇది:

```
RC <= sqrt(1 - m^2) / (m * 2*pi*fm)
```

ఇందులో m మాడ్యులేషన్ లోతు, fm ఆడియో ఫ్రీక్వెన్సీ. కొన్ని నోట్సుల్లో పైన ఉన్న వర్గమూలం వదిలేసి 1/(m·2π·fm) అని రాస్తారు. అది నడి భాగంలో వాలును మాత్రమే చూసి కట్టిన లెక్క. లోతు తక్కువైనప్పుడు రెంటికీ పెద్ద తేడా ఉండదు. 0.8 దగ్గర, 5 కిలోహెర్ట్జ్ ఆడియోకు మాత్రం అది 40 మైక్రోసెకన్ల దాకా పరవాలేదంటుంది, అసలు షరతు 24 దగ్గరే ఆగమంటుంది. ఆ పొట్టి సూత్రాన్ని నమ్మి కెపాసిటర్ కొంటే తప్పు విలువే చేతికొస్తుంది.

ఇప్పుడు మన నాలుగింటినీ ఈ షరతు ముందు నిలబెడదాం. ఒక్కో కెపాసిటర్ ఎంత ఆడియో ఫ్రీక్వెన్సీ దాకా ఎన్వలప్‌ను విడవకుండా పట్టుకుంటుందో చూద్దాం. రిపుల్ అంటే 455 కిలోహెర్ట్జ్ గరుకు. దాన్ని ఒక క్యారియర్ పీరియడ్‌లో కెపాసిటర్ ఎంత దిగుతుందో దాన్ని బట్టి ఉజ్జాయింపుగా వేశాను.

| కెపాసిటర్ (10 కిలోఓమ్‌లతో) | ఆర్‌సీ | లోతు 0.5 అయితే ఎంతవరకు | లోతు 0.8 అయితే ఎంతవరకు | రిపుల్ సుమారు |
|---|---|---|---|---|
| 102 | 10 μs | 27.6 kHz | 12 kHz | 20% |
| 222 | 22 μs | 12.5 kHz | 5.4 kHz | 10% |
| 472 | 47 μs | 5.9 kHz | 2.5 kHz | 5% |
| 103 | 100 μs | 2.8 kHz | 1.2 kHz | 2% |

ఆ అమ్మాయి 3 కిలోహెర్ట్జ్‌లో చూసిన ఏటవాలు గీతకు కారణం చివరి వరసలోనే ఉంది. లోతు 0.8 దగ్గర 103 బండి 1.2 కిలోహెర్ట్జ్ దాటితే కదలదు.

నా సలహా ఏమిటంటే, ల్యాబ్ ప్రయోగానికి, అంటే జనరేటర్ నుంచి ఒకే టోన్ 0.8 లోతుతో 5 కిలోహెర్ట్జ్ దాకా ఇచ్చే పనికి, 222 పెట్టండి. దాని హద్దు 5.4 కిలోహెర్ట్జ్, మన అవసరం 5. ఇరుకుగానే ఉన్నా సరిపోతుంది. రిపుల్ పది శాతం ఉందని భయపడకండి, అది 455 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, ఆడియోకు చాలా దూరం. తర్వాత ఫిల్టర్‌తో తీసేయొచ్చు. డయాగనల్ క్లిప్పింగ్ అలా కాదు. దానివల్ల పుట్టే చెత్త ఆడియోలోనే, మన పాటలోనే కలిసిపోతుంది. ఒకసారి కలిశాక ఏ ఫిల్టర్ వేసినా విడదీయలేం. అందుకే తప్పు చేయక తప్పదంటే రిపుల్ వైపే చేయమంటాను.

రేడియోకు మాత్రం నా మాట కొంచెం మారుతుంది. పాటలోనూ మాటలోనూ 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండే బలం తక్కువ. మొత్తం లోతు 0.8 వచ్చినా అందులో పై ఫ్రీక్వెన్సీల వాటా చిన్నదే. మన దేశంలో మీడియం వేవ్ ఛానెళ్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ కాబట్టి మామూలు సెట్‌లో ఐఎఫ్ దాటి వచ్చే ఆడియో 4, 4.5 కిలోహెర్ట్జ్‌లతోనే సన్నబడిపోతుంది. కాబట్టి 472, అంటే 47 మైక్రోసెకన్లు, రేడియోలో తప్పు కాదు. 103ను మాత్రం నేను ఒప్పుకోను. సన్నాయి పై స్థాయికి వెళ్లినప్పుడు ఒకటి రెండు కిలోహెర్ట్జ్ దగ్గరే బలమంతా ఉంటుంది. 100 మైక్రోసెకన్ల డిటెక్టర్ సరిగ్గా అక్కడే గీరుకుపోతుంది. పాత ట్రాన్సిస్టర్ సెట్లలో 5 కిలోఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్‌కు అడ్డంగా 0.02 మైక్రోఫారడ్ ఉండటం మామూలే. అదీ సరిగ్గా 100 మైక్రోసెకన్లే. అవి అలాగే పాడాయి, మనం అలాగే విన్నాం. అయినా మార్చి వింటే తేడా చెవికి తెలుస్తుంది.

ఆ తేడా నాకు బాగా తెలిసింది మా వీధిలో ఒక పెద్దాయన సెట్‌తో. సాయంత్రం పూట విశాఖ 927 కిలోహెర్ట్జ్ పెట్టుకుని వార్తలు వినడం ఆయనకు అలవాటు. "బాబూ, మాట వినిపిస్తంది గానీ నోట్లో బట్ట కుక్కినట్టుంది" అన్నాడు. విప్పి చూస్తే డిటెక్టర్ కెపాసిటర్ స్థానంలో ఎవరో 104 అతికించి ఉన్నారు. పాతది పోతే చేతికి అందినది వేసి ఉంటారు. 5 కిలోఓమ్‌లతో 100 నానోఫారడ్, అంటే 500 మైక్రోసెకన్లు. లోతు 0.8 దగ్గర అది 240 హెర్ట్జ్ దాటితే ఎన్వలప్‌ను పట్టుకోలేదు. మనిషి మాటను స్పష్టంగా వినిపించేది చాలావరకు ఆ హద్దుకు పైనే ఉంటుంది. 104 తీసి 103 పెట్టాను. అక్కడ రెసిస్టెన్స్ 5 కిలోఓమ్‌లే కాబట్టి ఆర్‌సీ 50 మైక్రోసెకన్లయింది, పైన చెప్పిన 472 వరసకు దాదాపు సమానం. ఆయన రెండు నిమిషాలు విని, ఏమీ అనకుండా సెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి, "నిన్న చదివినావిడ గొంతు ఎవరిదో తెలిసింది బాబూ" అన్నాడు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. 103 మంచిదా కాదా అని అడగడంలో అర్థం లేదు. 10 కిలోఓమ్‌లతో అది 100 మైక్రోసెకన్లు, 5 కిలోఓమ్‌లతో 50. ఎంచుకోవలసింది ఆర్‌సీని, కెపాసిటర్‌ను కాదు. డిటెక్టర్‌కు వాల్యూమ్ కంట్రోలే లోడ్ అయితే ముందు దాని విలువ చూసి, తర్వాత కెపాసిటర్ వైపు వెళ్లండి.

రిపుల్ అసలు ఇష్టంలేని వాళ్లకు, అంటే డిటెక్టర్ తర్వాతి ఆంప్లిఫయర్‌లోకి 455 కిలోహెర్ట్జ్ పాకి ఈల వేయడం మొదలుపెట్టిన వాళ్లకు, ఒకే కెపాసిటర్‌ను పెంచుకుంటూ పోవడం కన్నా మంచి దారి ఉంది. ఆ కెపాసిటర్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో ఒక రెసిస్టర్ పెట్టడం. డయోడ్ తర్వాత నేలకు 1 నానో. అక్కడి నుంచి 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ వరసలో. దాని అవతలి చివర మళ్లీ నేలకు 1 నానో, దానికి అడ్డంగా 8.2 కిలోఓమ్‌లు. మొదటి కెపాసిటర్ ఖాళీ అయ్యేది రెండు రెసిస్టర్ల గుండా, అంటే 10.4 మైక్రోసెకన్లు. రెండోది 8.2 కిలోఓమ్‌ల గుండా, 8.2 మైక్రోసెకన్లు. ఆడియో వేగంలో ఈ రెండూ కూడుకుంటాయి, మొత్తం సుమారు 18.6 మైక్రోసెకన్లు. మన 24 హద్దుకు లోపలే ఉన్నాం. లోతు 0.8 దగ్గర 6.4 కిలోహెర్ట్జ్ దాకా దారి సాఫీ. రిపుల్ సంగతి చూస్తే, మొదటి కెపాసిటర్ మీద 20 శాతం దాకా ఉన్నా రెండోదాని దగ్గరికి వచ్చేసరికి 3 శాతానికి పడిపోతుంది. 222 కన్నా బాగా పట్టుకుంటుంది, 472 కన్నా నున్నగా ఉంటుంది. ఇచ్చుకోవలసిన మూల్యం ఆడియోలో ఐదో వంతు, ఎందుకంటే 10.4లో 8.2 మాత్రమే అవుట్‌పుట్‌కు అందుతుంది. నా సొంత సెట్‌కు నేను కట్టుకునేది ఇదే.

ఇందులో పిల్లలు పడే గుంట ఒకటుంది. ముందు 222 పెట్టి లెక్క సరిచూసుకుంటారు. తర్వాత రిపుల్ పోవడానికని 2.2 కిలోఓమ్‌లు, ఇంకో 222 తగిలిస్తారు. ఫిల్టర్ వేరు, డిటెక్టర్ వేరు అనుకుంటారు. కానీ రెండో కెపాసిటర్‌లోని చార్జీ కూడా అదే లోడ్ గుండా పోవాలి. ఆర్‌సీ 22 నుంచి దాదాపు రెట్టింపు అవుతుంది, పోయిందనుకున్న ఏటవాలు గీత తిరిగొస్తుంది. ఉన్న కెపాసిటెన్స్‌నే రెండుగా పంచాలి, కొత్తది కలపకూడదు.

ఇంక, కెపాసిటర్ ఎంత మార్చినా పోని వంకర ఒకటుంది. దాన్ని డయాగనల్ క్లిప్పింగ్ అనుకుని రోజంతా కెపాసిటర్లు మార్చిన వాళ్లను చూశాను. డిటెక్టర్ నుంచి తర్వాతి స్టేజికి వెళ్లడానికి ఒక కప్లింగ్ కెపాసిటర్ పెడతాం. డీసీ దాన్ని దాటదు, కాబట్టి డీసీకి లోడ్ 10 కిలోఓమ్‌లే. ఆడియో మాత్రం దాటుతుంది, కాబట్టి ఆడియోకు తర్వాతి స్టేజి ఇన్‌పుట్ కూడా లోడే. ఆ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లయితే ఆడియోకు లోడ్ 5 కిలోఓమ్‌లు. ఈ రెంటి నిష్పత్తి 0.5. మాడ్యులేషన్ లోతు ఆ నిష్పత్తి దాటగానే ఎన్వలప్ అడుగుభాగం తెగిపోతుంది. తర్వాతి స్టేజి 47 కిలోఓమ్‌లయితే నిష్పత్తి 0.82, 100 కిలోఓమ్‌లయితే 0.91. అంటే 0.8 లోతుకు 47 కిలోఓమ్‌లు ఒడ్డున పడేస్తాయి, 100 ఉంటే నిశ్చింత. ఇక్కడ మందు కెపాసిటర్ కాదు, తర్వాతి స్టేజి ఇన్‌పుట్.

రెంటినీ గుర్తుపట్టడానికి స్కోప్ ముందు కూర్చుని ఆడియో ఫ్రీక్వెన్సీ నాబ్ ఒక్కటి తిప్పండి, వేరేదేదీ ముట్టుకోవద్దు. 200 హెర్ట్జ్‌లో పోయి 4 కిలోహెర్ట్జ్‌లో వచ్చేది డయాగనల్ క్లిప్పింగ్. దిగే వైపే ఉంటుంది, ఏటవాలుగా ఉంటుంది. 200 హెర్ట్జ్‌లోనూ 4 కిలోహెర్ట్జ్‌లోనూ ఒకేలా, అడుగున కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే అది లోడ్ వల్ల వచ్చింది. అనుమానం తీరకపోతే కప్లింగ్ కెపాసిటర్ ఒక కాలు ఊడదీయండి. అడుగు తిరిగి గుండ్రంగా వస్తే సంగతి తేలినట్టే.

చదును అడుగుకు ఇంకో కారణం డయోడ్. క్యారియర్ సగటు 2 వోల్ట్‌లు, లోతు 0.8 అనుకోండి. ఎన్వలప్ 3.6 నుంచి 0.4 వోల్ట్‌ల దాకా ఊగుతుంది. 1N4148 లాంటి సిలికాన్ డయోడ్‌కు సుమారు 0.6 వోల్ట్‌లు వస్తే గానీ తలుపు తెరుచుకోదు, అంటే అడుగుభాగం దానికి కనిపించనే కనిపించదు. OA79 లాంటి జెర్మేనియం డయోడ్ గానీ BAT85 లాంటి షాట్కీ గానీ పెట్టండి. పెట్టడానికి లేకపోతే క్యారియర్‌ను రెట్టింపు చేసి చూడండి. లోతు అంతే ఉండి చదును తగ్గిందంటే తప్పు డయోడ్‌ది. పవర్ సప్లైలో మిగిలిన 1N4007ను మాత్రం ఇక్కడ వాడకండి. 455 కిలోహెర్ట్జ్‌లో అది సమయానికి మూసుకోలేదు, నిండిన కెపాసిటర్‌ను అదే వెనక్కి ఖాళీ చేస్తుంది.

లోతును కంటితో అంచనా వేయడం కూడా మంచిది కాదు. స్కోప్ మీద క్యారియర్ గరిష్ఠ ఎత్తు, కనిష్ఠ ఎత్తు చదివి, వాటి తేడాను వాటి మొత్తంతో భాగించండి. 3.6, 0.4 అయితే 3.2ను 4తో భాగిస్తే 0.8. ఈ అంకె మీద మన హద్దు ఎంత సున్నితంగా ఆధారపడి ఉందో చూడండి. 0.8 దగ్గర 5 కిలోహెర్ట్జ్‌కు ఆర్‌సీ హద్దు 24 మైక్రోసెకన్లయితే, 0.9 దగ్గర 15, 0.95 దగ్గర పదిన్నర. 1 దగ్గర సున్నా. అంటే పూర్తి లోతుతో వచ్చే సిగ్నల్‌కు ఏ ఆర్‌సీ పెట్టినా అడుగు కొసన కొంచెం వదిలేస్తుంది. ఆ కొంచెంతో పెద్ద నష్టం లేదు. కెపాసిటర్ ఎన్వలప్‌ను వదిలిన చోటు నుంచి మళ్లీ కలిసే చోటు దాకా ఉండే ఎడం చిన్నదైతే వంకరా చిన్నదే. హద్దు దాటిన మరుక్షణం పాట పాడైపోదు, దాటేకొద్దీ పాడవుతుంది. లోతు 0.9 దాకా వెళ్తుందని తెలిసి ఉంటే నేను 222 వదిలేసి పైన చెప్పిన రెండు ముక్కల అమరిక వైపే వెళ్తాను. దానికీ 0.9 దగ్గర హద్దు 4.1 కిలోహెర్ట్జే, అయినా 222 ఇచ్చే 3.5 కన్నా మెరుగు.

క్యారియర్, ఆడియో దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం ఏ ఎంపికా నిలవదు. ఫంక్షన్ జనరేటర్ పాతదని క్యారియర్ 20 కిలోహెర్ట్జ్‌లో, ఆడియో 1 కిలోహెర్ట్జ్‌లో పెడతారు కొందరు. లోతు 0.8కి హద్దు 119 మైక్రోసెకన్లు, క్యారియర్ పీరియడేమో 50. హద్దులో ఉన్న అతిపెద్ద విలువ పెట్టినా రిపుల్ మూడో వంతు దాటుతుంది. గీత రంపం పళ్లలా కనిపిస్తుంది, అందులో ఏది రిపుల్, ఏది క్లిప్పింగ్ అన్నది ఎవరూ చెప్పలేరు. అప్పుడు కెపాసిటర్లు వెతకడం మానేసి ఆడియోను 200 హెర్ట్జ్‌కు దించండి. హద్దు దాదాపు 600 మైక్రోసెకన్లకు పెరుగుతుంది. 10 కిలోఓమ్‌లతో 473 పెడితే 470 మైక్రోసెకన్లు, రిపుల్ పది శాతం. అప్పుడు ఆడియో నాబ్‌ను మెల్లగా పైకి తిప్పుకుంటూ పోతే, 250 హెర్ట్జ్ దాటాక దిగే వైపు గీత ఎన్వలప్ నుంచి ఊడి రావడం పిల్లలకు కళ్లెదుటే కనిపిస్తుంది.